మన షాపు పేరు మీద మనమే డబ్బు కట్టి క్లిక్ కొనుక్కోవాలా?

ప్రశ్న: అన్నా, మాది నెల్లూరులో స్వీట్ల షాపు. మలై కాజా, కారాలు వెబ్‌సైట్‌లో ఆర్డర్ తీసుకుని హైదరాబాద్, బెంగళూరు పంపిస్తాం. గూగుల్‌లో మా షాపు పేరు కొట్టినా, nellore malai kaja online అని కొట్టినా మా సైటే మొదట వస్తుంది. అయినా ఆ రెండిటి యాడ్స్‌కే నెలకు 18 వేలు పోతోంది. మా బావ వెంటనే ఆపేయమంటాడు. యాడ్స్ చూసే ఏజెన్సీ వాళ్లు ఆపితే ర్యాంక్ కూడా పడిపోతుందంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం:

షాపు పేరు మీద యాడ్‌ని బహుశా ఆపేయొచ్చు. రెండోదాన్ని మాత్రం ఇప్పుడే ముట్టుకోవద్దు. ఎందుకో చెప్తాను. దానికి ముందు ఏజెన్సీ వాళ్ల మాట తేల్చేద్దాం. యాడ్ ఆపినంత మాత్రాన మామూలు ఫలితాల్లో మీ స్థానం పడిపోదు. ఆ రెండూ వేరు వేరు లెక్కలు, ఒకదాని డబ్బు ఇంకోదానికి పనిచేయదని గూగుల్ కూడా ఎప్పటినుంచో చెబుతోంది. ఏజెన్సీకి మీరు ఖర్చులో పర్సెంటేజీ ఇస్తున్నారేమో ఒకసారి చూసుకోండి. ఇస్తుంటే ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

ఇక అసలు విషయం. "మనం మొదట ఉన్నాం" అన్న మాట, సైటు గూగుల్‌లో ఎలా కనబడుతోందో గూగులే చూపించే సెర్చ్ కన్సోల్‌లో ఒకటి, కస్టమర్ చేతిలోని ఫోన్‌లో ఇంకొకటి. కన్సోల్‌లో మీ స్థానం 1.1 అని ఉండొచ్చు. అది మామూలు ఫలితాల్లో సగటు స్థానం మాత్రమే. దాని పైన ఎన్ని యాడ్స్ ఉన్నాయో, ఫొటోలూ ధరలతో వచ్చే షాపింగ్ యాడ్స్ వరస ఉందో, మ్యాప్‌లో మూడు షాపులు కూర్చున్నాయో ఆ అంకె చెప్పదు. నాలుగు యాడ్స్ కింద మొదటి స్థానంలో ఉన్నా 1, పైన ఏమీ లేకుండా ఉన్నా 1. ఫోన్‌లో ఆ రెండింటికీ మధ్య ఒకటిన్నర స్క్రీన్ తేడా ఉంటుంది.

అందుకే యాడ్ ఆపాలా వద్దా అన్నది మన ర్యాంక్‌ని బట్టి తేలదు. మన యాడ్ తీసేస్తే ఆ ఖాళీలోకి ఎవరొస్తారు, వెతికిన మనిషి వాళ్ల దగ్గర ఆగుతాడా, లేక మనదాకా కిందికి వస్తాడా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

ఈ విషయం మీద పెద్ద కంపెనీలు చేసిన పరీక్షలు రెండు బాగా తెలిసినవి ఉన్నాయి. చూడటానికి ఒకదానికొకటి అడ్డంగా మాట్లాడతాయి. 2012లో ఈబే తన పేరు కలిసిన కీవర్డ్స్ మీద యాహూ, ఎంఎస్‌ఎన్‌లలో యాడ్స్ ఆపేసింది. ఆ యాడ్స్ ద్వారా వచ్చే క్లిక్కుల్లో 99.5 శాతం మామూలు ఫలితాల నుంచి తిరిగి వచ్చేశాయి. అంటే ఆ డబ్బు దాదాపు మొత్తం వృథా. అదే 2012లో గూగుల్ వాళ్ల పరిశోధకులు వందల అకౌంట్లు చూసి చెప్పిందేమిటంటే, సైటు మొదటి స్థానంలో ఉన్నప్పుడు కూడా యాడ్ క్లిక్కుల్లో సగం ఆ యాడ్ లేకపోతే రావని. యాడ్స్ అమ్మేవాళ్ల లెక్క కాబట్టి కొట్టిపారేయాలనిపిస్తుంది కానీ, నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. ఈబే అని పేరు పెట్టి వెతికేవాడు ఈబేకే వెళ్లాలని వచ్చినవాడు. గూగుల్ లెక్కలో అన్ని రకాల మాటలూ కలిసిపోయాయి. ఏ షాపు అయినా ఫర్వాలేదు, సరుకు కావాలి అనుకునేవాళ్లు కూడా అందులో ఉన్నారు. మీ రెండు కీవర్డ్స్‌కీ సరిగ్గా అదే తేడా.

ఒంగోలులో ఒక పట్టుచీరల షాపుకి నేను ఇదే పని చేశాను. అందులో నేను చేసిన పొరపాటు ముందు చెప్తాను, ఎందుకంటే మీరూ అదే చేసే అవకాశం ఉంది.

ఆ షాపు యాడ్‌ని మొదటిసారి ఆపింది ఆషాఢం మొదలైన వారం. ముందు రెండు వారాలు జ్యేష్ఠమాసం ముహూర్తాలు, షాపు కిటకిటలాడుతోంది. యాడ్ ఆపగానే సైటుకు వచ్చేవాళ్లు సగానికి పడిపోయారు. యజమాని ఫోన్ చేసి "ఏందయ్యా, నాలుగు వేలు మిగిలిస్తానని చెప్పి షాపే మూయించేట్టున్నావే" అన్నాడు. నాకూ టెన్షన్ వచ్చి మళ్లీ ఆన్ చేశాను. నెల తిరిగి శ్రావణం వచ్చేసరికి క్లిక్కులు అంతకు ముందుకన్నా పెరిగాయి. యాడ్ వల్లే షాపు నడుస్తోందని ఇద్దరం నమ్మేశాం. నిజానికి మేం కొలిచింది పంచాంగాన్ని.

ఈ మోసాన్ని పట్టుకోవడానికి ఒక సులభమైన దారి ఉంది, అది నాకు తర్వాత తట్టింది. సెర్చ్ కన్సోల్‌లో ఆ మాటకి ఇంప్రెషన్స్ చూడండి. యాడ్ ఉన్నా లేకపోయినా ఎవరైనా ఆ మాట వెతికి మన ఫలితం ఆ పేజీలో వస్తే అక్కడ ఒక ఇంప్రెషన్ లెక్కలోకి వస్తుంది. జనం వెతకడమే తగ్గితే ఇంప్రెషన్స్, క్లిక్కులు రెండూ కలిసి పడతాయి. యాడ్ లేకపోవడం వల్ల నష్టం జరుగుతుంటే ఇంప్రెషన్స్ అలాగే ఉండి, యాడ్‌వీ మామూలువీ కలిపిన మొత్తం క్లిక్కులు మాత్రమే పడతాయి. మా ఆషాఢం లెక్కలో ఇంప్రెషన్స్ కూడా సగమైపోయి ఉన్నాయి. నేను ఆ గీత వైపు చూడనే లేదు.

రెండోసారి పండగ, ముహూర్తాల పోటు లేని నెల చూసుకుని, ఒక వారం ఆన్, ఒక వారం ఆఫ్, మళ్లీ ఆన్, మళ్లీ ఆఫ్ చొప్పున నాలుగు వారాలు నడిపాం. రోజు మార్చి రోజు కాకుండా నిండు వారాలు తీసుకున్నాం, ఆదివారం జనం వేరు, మంగళవారం జనం వేరు కాబట్టి. మొదటి ఆఫ్ వారం వృథా అయింది, దాని కథ తర్వాత చెప్తాను. దాన్ని మళ్లీ చేసి, చివరికి రెండు ఆన్ వారాలు ఒకవైపు, రెండు ఆఫ్ వారాలు ఒకవైపు పెట్టి చూశాం. ఇంప్రెషన్స్ రెండువైపులా దాదాపు సమానంగా ఉన్నాయి. అంకెలు గుండ్రంగా చెప్తున్నాను.

షాపు పేరుకి ఆన్ వారాల్లో యాడ్ క్లిక్కులు 310, మామూలు క్లిక్కులు 240, మొత్తం 550. ఆఫ్ వారాల్లో యాడ్ సున్నా, మామూలు క్లిక్కులు 530. అంటే 310 క్లిక్కులకు డబ్బు కడితే, కట్టకపోయినా వాటిలో 290 వచ్చేవే. కొత్తగా తెచ్చింది 20. క్లిక్కు 4 రూపాయలే కదా అనుకుంటూ వచ్చాం. కానీ 1,240 రూపాయలు పెట్టి 20 క్లిక్కులు కొన్నాం, అంటే ఒక్కోటి 62 రూపాయలు. ఇంకో మాట, 550లో 20 తేడా అనేది ఏ వారానికావారం మామూలుగా ఉండే ఊగిసలాటే. అసలు నష్టం సున్నా అయినా ఆశ్చర్యం లేదు.

pattu sarees ongole అనే మాటకి కథ మారిపోయింది. దానికీ సైటు మొదటి స్థానమే. ఆన్‌లో యాడ్ 180, మామూలువి 90, మొత్తం 270. ఆఫ్‌లో మొత్తం 150. నికరంగా 120 క్లిక్కులు పోయాయి. యాడ్ క్లిక్కు 11 రూపాయల లెక్కన 1,980 ఖర్చు, అసలు కొత్త క్లిక్కు ధర 16 రూపాయల 50 పైసలు. ఫోన్‌లో తెరిచి చూస్తే కారణం కనబడింది. మా యాడ్ పోగానే పైన వేరే షాపుల యాడ్స్ రెండు, వాటి కింద మ్యాప్‌లో మూడు షాపులు, ఆ తర్వాతే మా "మొదటి" స్థానం.

ఇప్పుడు ఏది ఆపాలో తేల్చడానికి ఆ యజమాని నోటి లెక్కే సరిపోయింది. సైటుకు వచ్చిన వంద మందికి సుమారు ఒక బిల్లు అవుతుంది, పెళ్లి బిల్లుల మీద సగటున 3,000 మిగులుతుంది. రెండో కీవర్డ్‌లో ఒక బిల్లుకు యాడ్ ఖర్చు 1,650, కాబట్టి ఉంచాం. పేరు కీవర్డ్‌లో 6,200. పేరు కొట్టి వచ్చేవాళ్లు రెండింతలు కొంటారనుకున్నా 3,100 పడుతుంది, లాభం మొత్తం దానికే పోతుంది. అది ఆపేశాం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. యాడ్స్ అకౌంట్లో చూస్తే ఎప్పుడూ పేరు కీవర్డే బంగారంలా కనిపిస్తుంది. క్లిక్కు చవక, ఆర్డర్లు ఎక్కువ. దాన్ని ఆపగానే అకౌంట్ మొత్తం మీద ఒక్కో ఆర్డర్‌కు పడే ఖర్చు పెరిగినట్టు రిపోర్టులో కనబడుతుంది. నిజానికి పెరిగింది ఏమీ లేదు. ఇన్నాళ్లూ ఎలాగూ వచ్చే ఆర్డర్లు యాడ్ ఖాతాలో పడి మిగతా కీవర్డ్స్ అసలు ఖర్చును కప్పేశాయి. మీ ఏజెన్సీ ఆ రిపోర్టు చూపించి "చెప్పాం కదా" అంటారు. షాపుకు ఆ నెల మొత్తం మీద వచ్చిన ఆర్డర్లు చూడండి, ఆ గ్రాఫ్ చూడకండి.

వృథా అయిన వారం సంగతి. కీవర్డ్‌ని పాజ్ చేస్తే యాడ్ ఆగిపోతుందనుకున్నాను. వారం తర్వాత చూస్తే పేరు మీద యాడ్ క్లిక్కులు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఏ మాటలకు యాడ్ చూపాలో గూగులే ఎంచుకునే పర్ఫార్మెన్స్ మ్యాక్స్ క్యాంపెయిన్ ఒకటి అదే అకౌంట్లో నడుస్తోంది, అది మేం వదిలిన మాటను అందిపుచ్చుకుంది. దగ్గరి మాటలకూ యాడ్ చూపే బ్రాడ్ మ్యాచ్‌లో ఉన్న వేరే కీవర్డ్స్ కూడా ఇదే పని చేస్తాయి. పాజ్ అంటే ఆ ఒక్క కీవర్డ్‌కి సెలవు ఇవ్వడమే. ఆ మాట వెతికినప్పుడు మన యాడ్ అసలు రాకూడదంటే దాన్ని నెగటివ్ కీవర్డ్‌గా పెట్టాలి. పర్ఫార్మెన్స్ మ్యాక్స్ ఉంటే అందులో బ్రాండ్ ఎక్స్‌క్లూజన్ కూడా పెట్టాలి. నెగటివ్స్‌కి ఒక మొండితనం ఉంది. మామూలు కీవర్డ్స్ లాగా దగ్గరి అర్థాలను అవి పట్టుకోవు. మనవాళ్లు ఒకే మాటను తెలుగులో ఒకలా, ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగు రకాలుగా కొడతారు కాబట్టి ప్రతి రూపాన్నీ విడిగా ఇవ్వాలి. మీరు రెండో మాటని ఎప్పుడైనా పరీక్షించాలనుకుంటే ఇలా:

```
[nellore malai kaja online]
[malai khaja nellore online]
[నెల్లూరు మలై కాజా ఆన్‌లైన్]
```

ఈ రూపాలన్నిటికీ మీ ర్యాంక్ ఒకటే అనుకోకండి. ఇంగ్లిష్ అక్షరాల్లో మొదట ఉండి, తెలుగు లిపిలో కొడితే రెండో పేజీలో ఉన్న సైట్లు ఎన్నో చూశాను, సైటులో తెలుగు మాట ఒక్కటీ లేకపోవడం వల్ల. అక్కడ యాడ్ ఆపితే మీరు అసలు కనబడరు.

ఇప్పుడు మీ షాపు దగ్గరికి వద్దాం. ఈ రోజే చేయాల్సింది ఒకటే, సెర్చ్ కన్సోల్‌ని గూగుల్ యాడ్స్ అకౌంట్‌తో లింక్ చేయడం. చేస్తే రిపోర్టుల్లో Paid and organic అని ఒకటి వస్తుంది. ఒక్కో వెతుకులాట మాటకి యాడ్ ఒక్కటే కనబడినప్పుడు, మామూలు ఫలితం ఒక్కటే కనబడినప్పుడు, రెండూ కనబడినప్పుడు ఎన్ని క్లిక్కులు వచ్చాయో అందులో పక్కపక్కనే ఉంటాయి. లింక్ చేసిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది, పాత నెలలు రావు. అందుకే ఈ రోజే అన్నాను.

రెండో పని, మీ ఫోన్‌లో మీ షాపు పేరు కొట్టి చూడటం మానేయండి. నెల్లూరులో, మీ అకౌంట్‌తో, రోజూ మీ సైటే తెరిచే ఫోన్ అది. యాడ్స్ అకౌంట్లో Ad Preview and Diagnosis అనే టూల్ ఉంది. అందులో ఊరు హైదరాబాద్ అని, డివైస్ మొబైల్ అని పెట్టి రెండు మాటలూ చూడండి, తర్వాత బెంగళూరు పెట్టి చూడండి. ఇలా చూస్తే మీ యాడ్‌కి ఉత్తుత్తి ఇంప్రెషన్స్ కూడా పడవు. మీ పేరు కొట్టినప్పుడు వేరేవాళ్ల యాడ్ రాకపోతే పరీక్షకు సిద్ధం అన్నమాట. వస్తే అది ఎవరిదో రాసుకోండి.

మీ పేరు మీద పోటీవాళ్లు యాడ్ వేస్తున్నారా అన్నది Auction insights రిపోర్టులో ఇంకా బాగా తెలుస్తుంది. కానీ మీరూ ఆ మాటకి యాడ్ వేస్తున్నప్పుడే అది కనబడుతుంది. ఆపేశాక ఆ రిపోర్టు ఖాళీ. కాబట్టి ఆపకముందే గత మూడు నెలలది దించి దాచుకోండి. మీ పేరు మీద ఇంకెవరైనా క్రమం తప్పకుండా వేస్తుంటే, ముఖ్యంగా ఊళ్ల స్వీట్లన్నీ ఒకచోట పెట్టి అమ్మే పెద్ద సైట్లు అయితే, పేరు యాడ్ ఉంచండి. మలై కాజా వాళ్ల దగ్గరా దొరుకుతుంది, మీ పేరు కొట్టినవాళ్లలో కొందరు అక్కడే కొనేస్తారు. ఒకరి పేరును కీవర్డ్‌గా పెట్టుకుని ఇంకొకరు యాడ్ వేయడాన్ని గూగుల్ ఆపదు. మీ పేరు ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ అయి ఉంటే, యాడ్ రాతలో ఆ పేరు వాడకుండా ఫిర్యాదు చేయొచ్చు, అంతే.

పరీక్ష మొదలుపెట్టే ముందు షాపు పేరుని విడి క్యాంపెయిన్‌లోకి మార్చమని ఏజెన్సీకి చెప్పండి. ఒకే క్యాంపెయిన్‌లో పేరూ, మామూలు మాటలూ కలిసి, క్లిక్కు రేటు గూగులే నిర్ణయించే ఆటోమేటిక్ బిడ్డింగ్ మీద నడుస్తుంటే, పేరు తీసేయగానే ఆ బిడ్డింగ్ తికమకపడి మిగతావాటినీ కదిలిస్తుంది. అప్పుడు ఏది దేనివల్ల జరిగిందో తేలదు. మార్చాక రెండు వారాలు కుదురుకోనివ్వండి.

నెల ఎంచుకోవడంలో స్వీట్ల షాపుకి చీరల షాపుకన్నా కష్టం. సంక్రాంతి, దసరా, దీపావళి ముందు రెండు మూడు వారాలు వద్దు. రొట్టెల పండగ రోజుల్లో కూడా వద్దు. బారాషహీద్ దర్గాకు వచ్చినవాళ్లు ఊళ్లోనే ఉండి మీ షాపు పేరు కొట్టి అడ్రస్ చూస్తారు, వాళ్లెవరూ ఆన్‌లైన్ ఆర్డర్ పెట్టేవాళ్లు కారు, అయినా లెక్కలో పడతారు.

ఆ అడ్రస్ చూసేవాళ్ల వల్ల ఇంకో గందరగోళం ఉంది. మ్యాప్‌లోని మీ షాపు లిస్టింగ్ నుంచి వెబ్‌సైట్ బటన్ నొక్కినవాళ్లు కూడా సెర్చ్ కన్సోల్‌లో మామూలు క్లిక్కులుగానే పడతారు. యాడ్ ఆపగానే వాళ్లు పెరిగితే అది మంచిదే, కానీ ఎంత ఎక్కడినుంచి వచ్చిందో విడిగా తెలియాలి. లిస్టింగ్‌లో వెబ్‌సైట్ అడ్రస్‌ని ఇలా మార్చండి, మీ డొమైన్ పెట్టుకుని:

```
https://example.com/?utm_source=google&utm_medium=organic&utm_campaign=gbp
```

లిస్టింగ్ నుంచి వచ్చే ఫోన్ కాల్స్ కూడా ఆ నాలుగు వారాలు రాసిపెట్టుకోండి. నోటు పుస్తకంలో అయినా ఫర్వాలేదు.

అసలు మీ పేరు మీద వారానికి ఎన్ని యాడ్ క్లిక్కులు వస్తున్నాయో నాకు తెలియదు. నలభై యాభై మాత్రమే అయితే నాలుగు వారాల పరీక్షలో ఏమీ తేలదు, అంకెలు అటూ ఇటూ ఊగుతాయి అంతే. అప్పుడు ఆన్ ఒక నెల, ఆఫ్ ఒక నెల చేయాలి, లేదా పోటీ యాడ్స్ లేవని చూసుకుని నేరుగా ఆపేసి, నెలకోసారి గమనిస్తూ ఉండాలి. వారానికి వంద దాటితే వారాల లెక్క చాలు. సెర్చ్ కన్సోల్ అంకెలు రెండు మూడు రోజులు ఆలస్యంగా వస్తాయి కాబట్టి వారం ముగిసిన మర్నాడే లెక్క వేయకండి.

రెండో మాట, nellore malai kaja online, ఒంగోలు చీరల మాటకు తోబుట్టువు. కొనాలనే వెతుకుతున్నారు, ఎవరి దగ్గరన్నది ఇంకా తేల్చుకోలేదు. ప్రివ్యూలో హైదరాబాద్ నుంచి చూసినప్పుడు పైన షాపింగ్ యాడ్స్ వరస కనబడితే ఆపాలన్న ఆలోచనే వద్దు. ఏమీ లేకపోతే, పేరు పరీక్ష ముగిసి దాని లెక్క చేతికొచ్చాక దీనికి విడిగా చేయండి. రెండూ ఒకేసారి ఆపితే ఆర్డర్లు తగ్గినప్పుడు ఏది కారణమో మీ బావకీ తెలియదు, ఏజెన్సీకీ తెలియదు.

పేరు యాడ్ ఆపడం ఖాయమైతే, ఒక్క విషయంలో దాన్ని మళ్లీ ఆన్ చేయొచ్చు. దసరా బాక్సుల లాంటి పది రోజుల ఆఫర్ ఉన్నప్పుడు, మామూలు ఫలితంలోని రాత మనం అనుకున్న రోజుకి మారదు, యాడ్ రాత మాత్రం సాధారణంగా ఒక రోజులో మారుతుంది. ఒంగోలు షాపులో శ్రావణం మూడు వారాలు మాత్రం అలా నడుపుతాం. మిగతా ఏడాదంతా నెల మొదటి సోమవారం ప్రివ్యూలో పేరు కొట్టి, పైన కొత్త యాడ్ ఏదైనా వచ్చిందేమో చూస్తాను. రెండు సార్లు వరసగా కనబడితే పేరు యాడ్ మళ్లీ పెడతాను. ఇప్పటికి ఒక్కసారే పెట్టాల్సి వచ్చింది, రెండు నెలలకే ఆ పోటీ షాపు వాళ్లు మానేశారు, మేమూ తీసేశాం.